ఆర్కిటెక్ట్ పంపే క్లయింట్లు, పది శాతం కమిషన్: ఇంటీరియర్ వాళ్ళు ఏం చేయాలి?

ప్రశ్న: గుంటూరులో మూడేళ్ళుగా ఇంటీరియర్ పనులు చేస్తున్నాను. ఒక ఆర్కిటెక్ట్ గారు తన క్లయింట్లను పంపిస్తానన్నారు. మొదటిది కొరిటెపాడులో ఇల్లు, శ్లాబ్ ఇంకా పడలేదు. వాళ్ళ ఆఫీసులో ఒకతను "పది శాతం ఉంటుంది కదండీ" అన్నాడు. ఇవ్వాలా? ఎంత ఇవ్వాలి? అసలు ఇలాంటి టై-అప్ ఎలా పెట్టుకోవాలి?

జవాబు:

ఇవ్వకండి. ఆ ఆర్కిటెక్ట్ గారు రిజిస్టర్డ్ అయితే పది కాదు, ఒక్క శాతం కూడా వద్దు. దానికి బదులు ఆయనకు పనికొచ్చేది ఒకటి మీ చేతిలో ఉంది. శ్లాబ్ పడకముందే మీ ఫర్నిచర్ లేఅవుట్ ఆయన టేబుల్ మీద ఉండటం. ఆ పనికి మీ ఫీజు క్లయింటే మీకు నేరుగా ఇస్తాడు. మీ ఇద్దరి మధ్య డబ్బు చేతులు మారదు. నేను విజయవాడలో పదహారేళ్ళుగా ఈ పనే చేస్తున్నాను. మొదటి అయిదేళ్ళు కమిషన్ ఇచ్చాను, తర్వాత మానేశాను. రెండు వైపులా చూశాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ముందు రూలు సంగతి. మనలో చాలామందికి తెలియదు, నాకూ చాలా ఏళ్ళు తెలియలేదు. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ ఉంది కదా, వాళ్ళు 1989లో ఆర్కిటెక్టుల వృత్తి ప్రవర్తనకు నియమావళి పెట్టారు. క్లయింట్‌ని గానీ పనిని గానీ పరిచయం చేసినందుకు ఆర్కిటెక్ట్ డిస్కౌంట్, కమిషన్, బహుమతి లాంటివి ఇవ్వకూడదు, తీసుకోకూడదు అని అందులో ఉంది. రెండు వైపులకూ అని గమనించండి. మీరు ఆయనకు క్లయింట్‌ని పంపినా ఆయన మీకు కమిషన్ ఇవ్వకూడదు. ఫిర్యాదు వెళ్ళి, విచారణలో తప్పని తేలితే మందలించడం నుంచి ప్రాక్టీసు ఆపించడం, రిజిస్టర్‌లోంచి పేరు తీసేయడం దాకా ఉంటుంది. మనకు అలాంటి చట్టం ఏదీ లేదు. ఇంటీరియర్ డిజైనర్ అని ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. అంటే మీరిచ్చే కవరు వల్ల మీకు పోయేదేమీ లేదు, ఆయన లైసెన్సు మాత్రం మీ నోటి మీద ఆధారపడుతుంది. ఈ సంగతి తెలిసిన ఆర్కిటెక్ట్ ఎవరూ అలాంటి మనిషిని దగ్గర ఉంచుకోరు.

అందుకే ఆ ఆఫీసులో అతను అన్న మాటను ఆర్కిటెక్ట్ గారి మాటగా తీసుకోకండి. మన ఊళ్ళలో చాలాసార్లు డ్రాఫ్ట్స్‌మనో సైట్ చూసే కుర్రాడో తన లెక్క తాను మాట్లాడేసుకుంటాడు, పెద్దాయనకు తెలియదు. మీరు నేరుగా వెళ్ళి ఆయన్నే కలవండి. "సార్, మీ ఆఫీసులో పది శాతం అడిగారు" అని ఫిర్యాదులా చెప్పకండి, ఆ కుర్రాడి ఉద్యోగం పోతుంది. "సార్, నేను ఎవరికీ కమిషన్ ఇవ్వను, ఎవరి దగ్గరా తీసుకోను. మీకు అభ్యంతరమా?" అని మీ పద్ధతి మీరు చెప్పండి. ఆ జవాబుతోనే మీకు మనిషి తెలిసిపోతాడు.

ఒక తేడా చెప్పాలి. గుంటూరు, విజయవాడల్లో జనం "ఆర్కిటెక్ట్ గారు" అనే వాళ్ళలో చాలామంది సివిల్ ఇంజనీర్లు. ప్లాన్ గీస్తారు, అప్రూవల్ తెప్పిస్తారు, ఇల్లు కట్టిస్తారు, మంచి పనివాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు కౌన్సిల్ నియమావళి వర్తించదు. రిజిస్టర్డ్ ఆర్కిటెక్ట్ అయితే ఆయన డ్రాయింగ్ మీద, లెటర్‌హెడ్ మీద సీఏతో మొదలయ్యే నంబరు ఉంటుంది. సీఏ, తర్వాత ఏడాది, తర్వాత అంకె. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పేరు వెతికినా కనిపిస్తుంది. ఇంజనీరు గారు అయితే కమిషన్ ఇవ్వడం ఆ రూలు ప్రకారం తప్పు కాదు. కానీ నేను ఇవ్వను. కారణం నీతి కాదు, లెక్క.

ఆ లెక్క ఇదీ.

తాడిగడపలో ఒక మూడు పడకగదుల ఫ్లాటు చేశాను, 14 లక్షల పని. ఇంజనీరు గారు పంపిన క్లయింట్, పది శాతం మాట. అంటే 1,40,000. ప్లైవుడ్, లామినేట్, హార్డ్‌వేర్, కార్పెంటర్లు, ఫాల్ సీలింగ్, పెయింట్, ఆటో కిరాయిలు, సూపర్‌వైజర్ జీతం అన్నీ పోగా నాకు మిగలాల్సింది రెండున్నర లక్షలు. అందులోంచి కమిషన్ తీస్తే 1,10,000. పని అయిదు నెలలు నడిచింది. నెలకు 22 వేలు. మా సూపర్‌వైజరే అంతకంటే ఎక్కువ పట్టుకెళ్ళాడు.

ఇలాంటప్పుడు ఎవరికైనా రెండే దారులు కనిపిస్తాయి. రేటు పెంచడం ఒకటి. వార్డ్‌రోబ్ అడుగు 1,350 వేసేదాన్ని 1,500 చేశాను. క్లయింట్ ఊరుకుంటాడా? ఆటోనగర్‌లో తెలిసిన కార్పెంటర్ దగ్గర ఇంకో కొటేషన్ తెచ్చుకుని, "మేడం, ప్లై అదే, లామినేట్ అదే, మీకెందుకు 150 ఎక్కువ?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. డిజైన్ అన్నాను, సూపర్‌విజన్ అన్నాను. ఆయన బ్యాంకులో పని చేసే మనిషి. నవ్వి ఊరుకున్నాడు, కానీ ఆ రోజు నుంచి ప్రతి బిల్లూ చూడటం మొదలుపెట్టాడు.

రెండో దారి మెటీరియల్ తగ్గించడం. సిగ్గుగానే ఉంది కానీ చెబుతాను, అదీ చేశాను. వంటింట్లో సింక్ కింద డబ్బాకు ఐఎస్ 710 ముద్ర ఉన్న బీడబ్ల్యూపీ ప్లై వేయాలి. దాని బదులు ఎంఆర్ వేశాను, బయటికి లామినేట్ ఒకటే కదా అని. ఎంఆర్ గాలిలో తేమను తట్టుకునే రకం, నీళ్ళను కాదు. సింక్ కింద ఎక్కడో ఒకచోట కపులింగ్ దగ్గర చుక్క పడుతూనే ఉంటుంది. రెండో వర్షాకాలానికి డబ్బా అడుగు అంచు ఉబ్బింది, ఎడ్జ్ బ్యాండ్ లేచింది, తలుపు కిందకి జారి పక్క తలుపుకు రాసుకోవడం మొదలైంది. క్లయింట్ ఫోన్ చేసింది నాకు కాదు, నన్ను పంపిన ఇంజనీరు గారికి. మొత్తం మార్చడానికి నా చేతి డబ్బు 22 వేలు పోయింది, ఇంజనీరు గారూ దూరమయ్యారు. లక్షా నలభై వేలు తీసుకున్న మనిషి నా తరఫున ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన తప్పు లేదు. ఆయనకు అందాల్సింది ముందే అందింది, తర్వాత నా పని ఎలా ఉంటే ఆయనకేం?

కమిషన్‌తో వచ్చే అసలు చిక్కు అదే. పరిచయం చేసిన రోజుతో ఆయన పని అయిపోతుంది. మీకు కావాల్సింది పని అయ్యేదాకా మీతో ఉండే మనిషి.

మీ ఊళ్ళో పరిస్థితి వేరు, ఇవ్వక తప్పదు, అందరూ ఇస్తున్నారు అంటారా? ఇంజనీర్ల విషయంలో మాత్రమే, ఈ మూడూ పాటించండి. మొత్తం పని విలువ మీద ఇవ్వకండి, మీ డిజైన్ ఫీజు మీద మాత్రమే లెక్క కట్టండి. మీకు డబ్బు వచ్చిన తర్వాతే ఇవ్వండి. క్లయింట్‌కి మీరిచ్చే కొటేషన్‌లోనే "పరిచయ రుసుము" అని ఒక లైను రాయండి. ఆ లైను రాయడానికి చెయ్యి రాకపోతే ఆ డబ్బు ఇవ్వడానికీ రాకూడదు. బిల్లు, పాన్, టీడీఎస్, జీఎస్టీ సంగతి మీ ఆడిటర్ చూస్తారు. నోట్లు కవర్లో పెట్టి ఇస్తే ఆ ఖర్చు మీ లెక్కల్లో ఎక్కడా చూపించలేరు, ఆ మొత్తానికి పన్ను కూడా మీరే కట్టుకోవాలి. కమిషన్ పది శాతం కాదు, ఇంకా పైన పడుతుందన్నమాట.

కవరు వెనక్కి వచ్చిన రోజు

నాకు కళ్ళు తెరిపించింది మొగల్రాజపురంలో ప్రాక్టీసు చేసే ఒక పెద్దాయన, రిజిస్టర్డ్ ఆర్కిటెక్ట్. వరసగా రెండు ఇళ్ళు పంపారు. దీపావళి ముందు మిఠాయి డబ్బా, కింద కవర్లో నలభై వేలు పెట్టుకుని వెళ్ళాను. డబ్బా తీసుకుని కవరు ఒక్క వేలితో నా వైపు తోశారు. తర్వాత డ్రాయర్ లాగి, నేను పని చేసిన మొదటి ఇంటి ప్లాన్ తీశారు. మాస్టర్ బెడ్‌రూమ్‌లో పడమటి కిటికీ మీద ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది. "నేను దక్షిణం నుంచి గాలి వచ్చి ఇక్కణ్ణించి పోయేలా పెట్టానమ్మా. నువ్వు దీనికి అడ్డంగా వార్డ్‌రోబ్ నిలబెట్టావు. సగం కిటికీ చెక్క వెనకాల ఉంది. మే నెలలో వాళ్ళు నాకు ఫోన్ చేసి, సార్ గదిలో ఉక్కపోత అంటున్నారు. ఈ నలభై వేలతో దానికి ఏం చెప్పమంటావు?" అన్నారు.

ఆ కిటికీ మూల నుంచి 12 అంగుళాల దూరంలో మొదలవుతుంది. వార్డ్‌రోబ్ లోతు 24 అంగుళాలు. ఎవరు పెట్టినా కిటికీ మూసుకోవాల్సిందే. కట్టేటప్పుడే మూల నుంచి 27 అంగుళాలు వదిలి ఉంటే వార్డ్‌రోబ్ పట్టేది, పక్కన కర్టెన్ రాడ్డుకు కూడా మూడు అంగుళాలు మిగిలేవి. ఇటుక పని దశలో ఆ మార్పుకు ఖర్చు సున్నా. మేస్త్రీకి ఒక మాట చెబితే చాలు. ప్లాస్టరింగ్ అయ్యాక అదే మార్పంటే గోడ పగలగొట్టాలి, లింటెల్ మళ్ళీ పోయాలి, గ్రిల్ మార్చాలి, బయట ఎలివేషన్ చెడుతుంది. ఎవరూ చేయరు. అందుకే కిటికీ మూస్తారు.

"గోడ లేవకముందు రాగలవా?" అని అడిగారు ఆయన. అంతే మా టై-అప్. పదకొండేళ్ళయింది, కాగితం మీద సంతకాలు లేవు, డబ్బు లేదు.

గోడ లేవకముందు వెళ్ళి ఏం చేస్తానంటే

పోరంకిలో 220 గజాల స్థలంలో జీ ప్లస్ వన్ ఇల్లు ఒకటి చెబుతాను. ఆయన ఫోన్ చేసేటప్పటికి కింద కాలమ్స్ లేచాయి, సెంట్రింగ్ ఇంకా మొదలు కాలేదు. క్లయింట్‌కి ఆయన ముగ్గురి పేర్లు ఇచ్చారు, అందులో నాదొకటి. ఇది ఆయన ఎప్పుడూ చేసే పద్ధతే, నాకూ అదే నచ్చుతుంది. ఒక్క పేరే ఇస్తే క్లయింట్‌కి వెంటనే అనుమానం వస్తుంది. ముగ్గురిలో తానే ఎంచుకుంటే రేపు ఏదైనా తేడా వచ్చినా "మీరు అంటగట్టారు" అనడు.

క్లయింట్‌తో ముందుగా మాట్లాడుకున్నది 25 వేలు, లేఅవుట్‌కి మాత్రమే. ఈ ఫీజు ఇచ్చాక పని నాకే ఇవ్వాలని లేదు. ఆ డ్రాయింగులు తీసుకుని ఏ కార్పెంటర్‌తోనైనా చేయించుకోవచ్చు. పని నాకిస్తే ఆ పాతిక వేలు మొత్తం ఫీజులో తీసేస్తాను. ఇది చాలా ముఖ్యం. ఉచితంగా చేస్తే ఆర్కిటెక్ట్ గారు మీకు మొహమాటపడాలి, మీరు క్లయింట్‌ని పట్టుకుని వేలాడాలి. డబ్బు తీసుకుంటే ముగ్గురూ స్వేచ్ఛగా ఉంటారు.

పది రోజుల్లో నేనిచ్చింది అంతస్తుకు ఒక్క ఏ3 కాగితం. మంచం, టీవీ, వార్డ్‌రోబ్, డైనింగ్ టేబుల్, పూజ ఎక్కడ వస్తాయో కొలతలతో గీశాను. ఆ కాగితం మీద ఆర్కిటెక్ట్ గారితో కూర్చున్నది గంటన్నర. ఆ గంటన్నరలో నాలుగు మారాయి.

మొదటిది, పైన చెప్పిన కిటికీ సంగతే. రెండు పడకగదుల్లో మూల నుంచి కిటికీ జరపాలి. ఒక గదిలో ఆయన వెంటనే ఒప్పుకున్నారు. రెండో గది రోడ్డు వైపు, పై అంతస్తు కిటికీతో వరస కలవాలి. "జరపను" అన్నారు. సరే, నేనే వార్డ్‌రోబ్‌ని ఎదురు గోడకు మార్చి మంచం తిప్పాను. తల దక్షిణానికే వచ్చింది కాబట్టి ఇంట్లో పెద్దావిడ కూడా ఊరుకుంది.

రెండోది శ్లాబ్‌లో పైపులు. ఫ్యాన్ బాక్సు గది మధ్యలో పెట్టడం అలవాటు. కానీ వార్డ్‌రోబ్ రెండడుగులు తినేశాక గది మధ్య మారిపోతుంది, ఫ్యాన్ పక్కకు పోయినట్టు కనిపిస్తుంది. మంచాన్ని బట్టి బాక్సు జరిపాం. సీలింగ్ లైట్లకు కూడా శ్లాబ్‌లోనే పైపులు వేయించాం. ఇది చేయకపోతే తర్వాత వైరు దాచడానికే ఇల్లంతా ఫాల్ సీలింగ్ వేయాల్సి వస్తుంది. ఆ ఇంట్లో హాల్లో ఒక్కచోటే వేశాం, పడకగదులకు వేయలేదు. క్లయింట్‌కి డబ్బు మిగిలింది, గదుల ఎత్తూ మిగిలింది. నాకు బిల్లు తగ్గింది, నిజమే. కానీ ఆ క్లయింట్ తర్వాత తన బావమరిది ఇల్లు నాకే ఇప్పించాడు.

మూడోది వంటిల్లు. గట్టు పూర్తయ్యాక ఎత్తు 34 అంగుళాలు. కిటికీ అడుగు 36 దగ్గర గీసి ఉంది. సింక్ కుళాయి మెడ కిటికీ రెక్కకు తగులుతుంది, లోపలికి తెరవలేరు. 42కి లేపాం. చిమ్నీ పైపుకు ఆరంగుళాల రంధ్రం ఎక్కడ రావాలో బయట గోడ మీద గుర్తు పెట్టాం. అది తర్వాత డ్రిల్ చేయొచ్చు, కానీ బయట సరిగ్గా అక్కడే ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వేలాడితే? అందుకే రెండూ ఒకే కాగితం మీద చూడాలి.

నాలుగోది ఏసీ నీళ్ళు పోయే పైపు. దానికి వాలు కావాలి, అడ్డంగా గది చుట్టూ తిప్పితే నీళ్ళు వెనక్కి వచ్చి గోడ మీద కారతాయి. ప్లాస్టరింగ్ ముందే గోడలో దాచి బాత్రూమ్ వైపు దించాం. పూర్తయిన ఇళ్ళలో తెల్లటి పైపు కబ్‌బోర్డు పక్క నుంచి వేలాడుతూ కనిపిస్తుంది చూశారా, అది ఇంటీరియర్ మనిషి ఆలస్యంగా వచ్చిన గుర్తు.

ఇందులో ఏదీ గొప్ప డిజైన్ కాదు. కానీ ఆర్కిటెక్ట్ గారికి ఇవన్నీ తర్వాత రాబోయే ఫోన్ కాల్స్. అవి రాకుండా చేశాను కాబట్టి ఆయన తర్వాతి ఇంటికి కూడా సెంట్రింగ్ ముందే ఫోన్ చేశారు.

ఎవరి మాట ఎక్కడిదాకా

ఇక్కడే ఎక్కువ సంబంధాలు చెడతాయి, కమిషన్ దగ్గర కాదు. మా ఇద్దరి మధ్య పద్ధతి సింపుల్. గోడలు, కిటికీలు, మెట్లు, బాత్రూముల చోటు, బయటి రూపం ఆయనవి. ప్లాస్టరింగ్ మీద వచ్చేదంతా నాది. కరెంటు ఇద్దరిదీ, కాబట్టి ఎలక్ట్రికల్ డ్రాయింగ్ మీద ఇద్దరి సంతకాలూ ఉంటేనే ఎలక్ట్రీషియన్‌కి వెళ్ళాలి. ఇది ఒక పేజీలో రాసి క్లయింట్‌కీ ఇస్తాం. రెండు డ్రాయింగులు తిరిగితే సైట్‌లో ఎలక్ట్రీషియన్ తనకు సులువుగా ఉన్నది చూసి పని చేస్తాడు, అది మీకూ తెలుసు.

క్లయింట్లు మనల్ని ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. "మేడం, ఈ గోడ తీసేస్తే హాలు పెద్దదవుతుంది కదా?" నాలుగున్నర అంగుళాల గోడే కావచ్చు, తీసినా ఏమీ కాకపోవచ్చు. అయినా నేను అవుననీ కాదనీ అనను. అక్కడే నిలబడి స్పీకర్ పెట్టి ఆయనకు ఫోన్ చేస్తాను. ఒకసారి అలా చేయకుండా, "ఇది ఇలా ఎందుకు గీశారో, నేనైతే ఇటు పెట్టేదాన్ని" అని నోరు జారాను. ఆ మాట సాయంత్రానికి ఆ ఆర్కిటెక్ట్ చెవిన పడింది. ఆయన వేరే, మొగల్రాజపురం వారు కాదు. గొడవ ఏమీ పడలేదు. రెండేళ్ళు ఒక్క ఫోనూ రాలేదు, అంతే. తర్వాత తెలిసింది, ఆ గోడ అలా పెట్టించింది సిద్ధాంతి గారట.

వాస్తు మాట వచ్చింది కాబట్టి, ఆర్కిటెక్ట్ ఇచ్చిన ప్లాన్ మీద క్లయింట్ ముందు వాస్తు తప్పులు ఎత్తకండి. మీకు కనిపిస్తే విడిగా ఆయనకే చెప్పండి. మన దగ్గర ఆ ఒక్క మాట చాలు, కట్టిన వంటిల్లు పగలగొట్టిస్తారు.

గృహప్రవేశం తేదీ ఇంకో చోటు. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి అందరూ అంతకుముందే లేదా శ్రావణంలో దిగిపోవాలనుకుంటారు. సివిల్ పని నెల ఆలస్యమైతే ఆ నెల మన దగ్గర కోసేస్తారు. మా లెక్కలో మొదటి కోటు పెయింట్ అయ్యాక ఇంటీరియర్‌కి 90 రోజులు. ఆ మాట క్లయింట్‌కి చెప్పాల్సింది ఆర్కిటెక్ట్, ముహూర్తం పెట్టించుకోకముందు. నేను చెబితే సాకులా ఉంటుంది. ఇది మొదటి మీటింగ్‌లోనే ఆయన్ని అడగండి. ఒప్పుకోకపోతే, పాలు పొంగించే రోజుకి వంటిల్లు, పూజ గది మాత్రమే ఇస్తానని కాగితం మీద రాసుకోండి.

డబ్బులు ఇవ్వని క్లయింట్ దొరికితే వసూలు చేసి పెట్టమని ఆయన్ని అడగకండి. ఒక్కసారి చెప్పి ఉంచండి, తర్వాత మరొకర్ని పంపేటప్పుడు ఆయన జాగ్రత్తపడతారు. అంతకుమించి లాగితే ఆయన మధ్యవర్తి అయిపోతాడు. ఆ పని ఆయనది కాదు.

మీరు తిరిగి ఏం పంపగలరు?

ఇది కొత్తవాళ్ళని చాలా బాధపెడుతుంది. మన దగ్గరికి వచ్చేవాళ్ళకి అప్పటికే ఇల్లు ఉంటుంది, ఆర్కిటెక్ట్‌కి మనం ఎవర్ని పంపుతాం? నా పుస్తకంలో చూస్తే గత ఆరేళ్ళలో మొగల్రాజపురం ఆయన నుంచి నాకు వచ్చిన పనులు పదకొండు, నేను పంపినవి నాలుగు. ఆ నాలుగూ ఎలా వచ్చాయంటే, ఫ్లాట్ రీమోడలింగ్ చేస్తున్నప్పుడు మాటల్లో "గొల్లపూడిలో స్థలం ఉందండీ, ఎప్పుడో కడతాం" అంటారు. అది రాసుకుంటాను. కట్టే మాట వచ్చినప్పుడు నేనూ రెండు మూడు పేర్లు ఇస్తాను, ఆయనది అందులో ఒకటి. పదకొండుకి నాలుగు అని ఆయన ఎప్పుడూ లెక్క తీయలేదు. ఆయనకు కావాల్సింది సంఖ్య కాదు, నేను చేసిన ఇళ్ళకు ఆయన ధైర్యంగా ఇంకో క్లయింట్‌ని తీసుకెళ్ళి చూపించగలగడం. ఫోటోలు పెట్టేటప్పుడు ఆర్కిటెక్ట్ పేరు రాయండి. రాయని వాళ్ళ మీద వాళ్ళకు ఉండే కోపం మనకు పైకి తెలియదు.

ఒక్కరితోనే కట్టుబడిపోకండి కూడా. నాకు ఇప్పుడు ఇద్దరు ఆర్కిటెక్టులు, ఒక ఇంజనీరు గారు ఉన్నారు. ఆయన కూడా కమిషన్ తీసుకోరు, మొదట్లో అడిగారు, పోరంకి ఇల్లు తీసుకెళ్ళి చూపించాను. ఒక్కరి మీదే ఆధారపడితే ఆయనకు పనులు తగ్గిన ఏడాది మీ కార్పెంటర్లు ఇంకొకరి దగ్గరికి వెళ్ళిపోతారు.

ఇక మీ కొరిటెపాడు ఇల్లు. శ్లాబ్ పడలేదంటున్నారు, కానీ సెంట్రింగ్ కొట్టేశారా లేదా అన్నది రాయలేదు. కొట్టేసినా రాడ్డు కట్టేలోపు ఫ్యాన్ బాక్సులు, పైపులు మార్చుకునే వీలుంది, కాంక్రీటు పడ్డాక లేదు. కాబట్టి ఇవాళే ఆర్కిటెక్ట్ గారికి ఫోన్ చేసి కాంక్రీటు ఏ రోజో అడగండి, ప్లాన్ కాపీ తెప్పించుకోండి. కమిషన్ సంగతి ఎదురుగా కూర్చున్నప్పుడు మాట్లాడొచ్చు. సైట్‌కి వెళ్తే ముందు పడకగదుల్లో గోడలు ఎక్కడిదాకా లేచాయో చూసి, మూల నుంచి కిటికీకి ఎన్ని అంగుళాలు వదిలారో టేపు పెట్టి కొలవండి. 27 కంటే తక్కువ ఉన్న ప్రతి చోటా ప్లాన్ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళండి. పెన్సిల్‌తోనే, ఎర్ర పెన్ను ఆయనది.